‘ఆవకాయ’ పన్నెండు గళ్లలో

కత్తిపీట ముందు కూర్చున్న మామ్మగారికి మేం సినిమా తీస్తున్నామన్న ధ్యాసే లేదు. టెంకతో సహా కాయ పెట్టడం, కత్తి దించడం, ముక్కను పక్కకు తోసి మళ్లీ కాయ పెట్టడం. ఆవిడ చేతి వేగం చూస్తూ నేను ఫోన్‌లో గడియారం పెట్టి లెక్కపెట్టాను. 15 సెకన్లలో 12 వేట్లు పడ్డాయి. ఇంకోసారి లెక్కపెడితే మళ్లీ 12. అంటే నిమిషానికి 48. నా కాగితం మీద దాన్ని రెట్టింపు చేసి 96 అని రాసుకున్నాను. ఆ ప్రకటనకు సంగీతం ఎంత వేగంలో నడవాలో ఆ పెరట్లోనే తేలిపోయింది. సంగీత దర్శకుడికి కబురు ఆ తర్వాతే వెళ్లింది.

రాజమండ్రి దగ్గర ఒక ఊళ్లో పచ్చళ్లు పెట్టి అమ్మే కుటుంబం కోసం తీసిన 30 సెకన్ల ప్రకటన అది. టీవీలో, ఊళ్లోని సినిమా హాలులో వేయడానికి. ప్రకటనలకు మాటలు రాయడం, ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ మాటలను బొమ్మకు అతికించడం నా పని. ఒక మాట ఏ క్షణంలో పడాలి, బొమ్మ ఎక్కడ మారాలి, ఈ రెండిటికీ దరువుతో పొత్తు ఎలా కుదరాలి అన్నది చూసేవాళ్లకు కనిపించదు. కానీ ప్రకటన పరుగెడుతున్నట్టుందా, ఈడుస్తున్నట్టుందా అన్నది తేల్చేది అదే. ఆ ఆవకాయ ప్రకటన కాగితం ఇంకా నా దగ్గరుంది కనుక, దాన్నే ముందు పెట్టుకుని చెబుతాను.

ముందు కాలాన్ని గళ్లుగా కోయాలి. నిమిషానికి 96 దెబ్బలంటే 30 సెకన్లలో 48 దెబ్బలు. పాటల వాళ్లు నాలుగేసి దెబ్బలను ఒక బార్ అంటారు. 48ని నాలుగుతో భాగిస్తే 12 బార్లు. ఒక్కో బార్ రెండున్నర సెకన్లు. మిగులు లేకుండా తెగింది చూడండి, అదే మనకు కావలసింది. నిమిషానికి 100 దెబ్బల వేగం తీసుకుంటే 30 సెకన్లకు పన్నెండున్నర బార్లు వస్తాయి. ఆ అర బార్ చివర్లో, సరిగ్గా దుకాణం పేరు కనిపించే చోట మెడ విరిగినట్టు తెగిపోతుంది. అందుకే 30 సెకన్ల ప్రకటనకు వేగం ఎంచుకునేటప్పుడు ఎనిమిదితో నిశ్శేషంగా భాగించగల అంకె చూసుకుంటాం. 96, 104, 112, 120, 128. నింపాదిగా సాగే వంటింటి కథకు 96 చాలు. బూట్ల ప్రకటనో, కుర్రాళ్ల బైకు ప్రకటనో అయితే 120, 128 దాకా పోతాం.

ఇక నేను చేసేది చిన్నపిల్లల పని లాంటిది. తెల్లకాగితం మీద స్కేలుతో పన్నెండు గళ్లు గీస్తాను. ఒక్కో గడిలో నాలుగు చుక్కలు పెడతాను. గడి పైన ఏ బొమ్మో, గడి కింద ఏ మాటో రాస్తాను. కంప్యూటర్లో ఇవన్నీ రంగురంగుల పట్టీలుగా కనిపిస్తాయి, నిజమే. కానీ కాగితం మీద పన్నెండు గళ్లూ ఒక్క చూపులో ఆనతాయి. ఎక్కడ మాటలు కిక్కిరిశాయో, ఎక్కడ ఖాళీ ఉందో కంటికే తెలిసిపోతుంది.

మాటల దగ్గరికి వద్దాం. దుకాణం ఆయన తన చేతి రాతతో ఇచ్చిన మొదటి వాక్యం ఇది: గోదావరి తీరంలోని మామిడి తోటల నుంచి స్వయంగా ఎంపిక చేసిన కాయలతో, తరతరాల సంప్రదాయ పద్ధతిలో, గానుగ నూనెతో తయారుచేసిన మా ఆవకాయ. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన చెప్పినట్టే పెడతారు, నేను కళ్లారా చూశాను. కానీ పైకి చదివి చూడండి. 59 అక్షరాలు. ప్రకటనల్లో మాట తీరుబడిగా, తెలిసేటట్టు చెప్పాలంటే సెకనుకు ఐదారు అక్షరాలకు మించి పట్టవు. నేను ఐదున్నర వేసుకుంటాను. ఆ లెక్కన ఈ ఒక్క వాక్యానికే 11 సెకన్లు పోతాయి. నా కాగితం మీద నాలుగు గళ్లు పైగా. అంతసేపూ విని, చిట్టచివర ‘ఆవకాయ’ అన్న మాట వచ్చేదాకా సంగతి దేని గురించో విన్నవాడికి తెలియదు.

ఈ చివరి ముక్కే అసలు కిటుకు. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే ఇదే. తెలుగు వాక్యం బరువు చివర ఉంటుంది. క్రియ చివర వస్తుంది, చెప్పదలుచుకున్న మాట చివర వస్తుంది. ‘అమ్మ’ దగ్గర మొదలుపెట్టి, ‘కలిపిన’ మీదుగా నడిచి, ‘ఆవకాయ’ దగ్గర దిగుతాం. దరువు సంగతి దీనికి తలకిందులు. నాలుగు దెబ్బల బార్‌లో బలమైనది మొదటి దెబ్బ. కొత్తగా ఈ పని చేసేవాళ్లు వాక్యం మొదటి అక్షరాన్ని బార్ మొదటి దెబ్బ మీద పెడతారు, అదే సహజమనిపిస్తుంది. అప్పుడు ‘గోదావరి’ అన్న మాట ఢామ్మని పడుతుంది. ప్రాణమున్న ‘ఆవకాయ’ మాత్రం ఎక్కడో రెండు దెబ్బల మధ్య దిక్కులేకుండా జారిపోతుంది.

అందుకని తెలుగు వాక్యాన్ని తోక నుంచి కొలవాలి. చివరి మాట తొలి అక్షరాన్ని ముందు ఏదో ఒక బార్ మొదటి దెబ్బ దగ్గర నిలబెట్టాలి. అక్కణ్నుంచి వెనక్కి అక్షరాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తే గొంతు ఎక్కడ ఎత్తుకోవాలో తేలుతుంది. అది ఏ దెబ్బ మీదా కాకుండా మధ్యలో తేలినా తప్పులేదు. తాళం పడ్డాక కాస్త వదిలి సాహిత్యం ఎత్తుకోవడం మన పాటకు కొత్త విద్య కాదు.

ఆవకాయ కాగితం మీద ఇది ఎలా పడిందో చెబుతాను. మొదటి గడిలో మాట లేదు, సంగీతమూ లేదు. కత్తిపీట వేట్లే. 96లో సగం 48 కాబట్టి ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ మామ్మగారి కత్తి పడుతుంది. రెండో గడిలోనూ అదే షాట్, అదే చప్పుడు. అక్కడ గొంతు మొదలవుతుంది: ఎండలు ముదిరితే మా ఊళ్లో ఒకటే చప్పుడు. ఇందులో దిగాల్సిన మాట ‘చప్పుడు’. దాన్ని మూడో గడి మొదటి దెబ్బ మీద, అంటే సరిగ్గా ఐదో సెకను దగ్గర పెట్టాను. దానికి ముందున్నవి 13 అక్షరాలు. సెకనుకు ఐదున్నర చొప్పున 2.36 సెకన్లు. ఐదులోంచి తీసేస్తే గొంతు 2.64 దగ్గర ఎత్తుకోవాలి. రెండో గడి 2.5 దగ్గర కత్తి వేటుతో మొదలవుతుంది. వేటు పడి దాని మోత తగ్గీ తగ్గగానే ‘ఎండలు’ వినపడుతుంది. ‘చప్పుడు’ అనేసరికి బొమ్మ మారి పెరడంతా కనిపిస్తుంది. నలుగురు ఆడవాళ్లు, నాలుగు కత్తిపీటలు. డోలక్ అప్పుడే మొదలు.

అక్షరాల లెక్క ఉజ్జాయింపు లెక్కే. ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇంతకంటే నిక్కచ్చి కొలత చేతిలోనే ఉంది, గురులఘువులు. ‘గబగబ’ నాలుగు అక్షరాలు, నాలుగూ లఘువులే, నాలుగు మాత్రలు. ‘మామయ్యా’ మూడే అక్షరాలు, కానీ మూడూ గురువులు, ఆరు మాత్రలు. మూడక్షరాల మాట నాలుగక్షరాల మాట కంటే ఎక్కువ సేపు పడుతుంది. రెండు వాక్యాల అక్షరాలు సమానంగా ఉన్నా ఒకటి గడిలో పట్టి ఇంకొకటి పొర్లిపోతోందంటే కారణం ఇదే. నేను మొదట అక్షరాలతో వేసుకుంటాను. అనుమానం వచ్చిన చోట మాత్రలు కడతాను. ఆ తర్వాత దరువు యాప్ పెట్టుకుని, నా గొంతుతోనే ఫోన్‌లో చదివి వింటాను. కాగితం ఒప్పుకుని నోరు ఒప్పుకోని వాక్యాలు ఎన్నో ఉంటాయి. అక్కడ నోటి మాటే వినాలి.

హిందీ ప్రకటనలకు తెలుగు మాటలు రాసేటప్పుడు ఈ ఇరుకు మరీ తెలుస్తుంది. ముంబైలో బొమ్మ కోత, సంగీతం అన్నీ ముగిసి వస్తాయి. మనకు మిగిలేది హిందీ గొంతు తీసేసిన కన్నం. ఆ కన్నంలో పట్టేటట్టు రాయాలి. ‘దాగ్ గయా, రంగ్ రహా’ అన్న వాక్యం వచ్చిందనుకోండి. నోట్లో ఆరు ముక్కలు. దాన్ని ఉన్నదున్నట్టు ‘మరక పోయింది, రంగు నిలిచింది’ అంటే 12 అక్షరాలు. హిందీ మాట హల్లుతో టక్కున ఆగుతుంది. మనది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగిసి ఇంకో అరక్షణం నిలుస్తుంది. ‘మరక లేదు, రంగుంది’ అంటే ఎనిమిదికి దిగుతుంది, కన్నంలో పడుతుంది. టీవీలో గొంతు ఊపిరాడకుండా పరుగెత్తే తెలుగు ప్రకటనలు మీరు వినే ఉంటారు. చాలాసార్లు అవతల జరిగింది ఇదే. ఆ 12 అక్షరాలను ఎవరూ 8 చేయలేదు, చదివేవాడి వేగం పెంచారు. పాపం చదివినవాడి తప్పేమీ లేదు.

మన అచ్చు ఇంకో చోట అక్కరకొస్తుంది. గడిలో ఇంకా కాస్త చోటు మిగిలితే చివరి అచ్చును సాగదీయొచ్చు. హల్లుతో తెగిన మాటను సాగదీయడం కుదరదు. పాట కట్టేవాళ్లు తెలుగును ఇష్టపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మళ్లీ గళ్లలోకి. నాలుగో గడిలో బొమ్మ రెండు దెబ్బలకోసారి మారుతుంది. ఒకటి కారం, ఒకటి ఆవపిండి. ఐదో గడిలో దెబ్బకో బొమ్మ: ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, ముక్కలు. మొదటి షాట్ ఐదు సెకన్లుంది. తర్వాతది రెండున్నర, ఆ తర్వాత ఒకటిం పావు, ఆ తర్వాత 0.625 సెకన్లు. ప్రతిసారీ సగమవుతోంది. డోలక్ వేగం మాత్రం మొదటి నుంచీ ఒక్కటే, 96. చూసేవాడికి వేగం పెరిగినట్టు అనిపించేది బొమ్మల వల్ల. ఇది తెలియక కొందరు సంగీతం వేగం పెంచమంటారు. అలా పెంచితే గళ్లన్నీ చెదిరిపోతాయి, చివర లెక్క తప్పుతుంది.

నాలుగో గడికి నేను మొదట మాటలు రాశాను. కారం, ఆవపిండి, ఉప్పు అని పేర్లు చదివించాలని. ఎర్రటి కారం తెర నిండా పడుతుంటే ‘కారం’ అని చెప్పడం ఎందుకు? తెలుగువాళ్లకు ఆవకాయలో ఏం పడుతుందో మనం చెప్పాలా? కొట్టేశాను. బొమ్మ దెబ్బ మీద మారుతున్నప్పుడు ఆ మార్పే ఒక మాట. దాని మీద ఇంకో మాట వేస్తే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

ఇలా బొమ్మలు పరుగెత్తి పరుగెత్తి, ఆరో గడి మొదట్లో డోలక్ ఆగిపోతుంది. ముక్కల మీద నూనె ధార పడుతున్న ఒకే షాట్, రెండున్నర సెకన్లు. ధార చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడో గడిలో జాడీకి వాసెన కడుతున్న చేతులు. గొంతు నెమ్మదిగా అంటుంది: ఇక మూడు రోజులు ఆగాలి. పది అక్షరాలే. దీన్ని ఏ దెబ్బకీ కట్టలేదు, కట్టడానికి అక్కడ దెబ్బే లేదు. ఆవకాయ కలిపి మూడో రోజున తిరగకలిపేదాకా ఎవరూ మూత తీయరు. ఆ ఆగడం చూసేవాడికి తెలియాలంటే ప్రకటన కూడా ఆగాలి. దరువు ఆపడమంటే దరువు మరిచిపోవడం కాదు. గళ్లు లోపల నడుస్తూనే ఉంటాయి. అప్పటిదాకా ఐదు గళ్లు విన్న చెవి తనలో తాను తాళం వేసుకుంటూనే ఉంటుంది. ఎనిమిదో గడి మొదటి దెబ్బకు వాసెన విప్పగానే డోలక్ తిరిగొస్తే, చెవి ఎదురుచూస్తున్న చోటే వస్తుంది. అర దెబ్బ అటో ఇటో వచ్చిందంటే ఆ ఐదు సెకన్ల మౌనం వృథా.

ఎదురుచూపును ఇంతకంటే ఎంతో పెద్దగా సాగదీసిన ప్రకటన ఒకటి 2007లో బ్రిటన్‌లో వచ్చింది. క్యాడ్‌బరీ వాళ్ల చాక్లెట్‌కు తీసిన 90 సెకన్ల ‘గొరిల్లా’. ఫిల్ కాలిన్స్ 1981 నాటి పాట వెనక నడుస్తుంటే, డ్రమ్ముల ముందు ఒక గొరిల్లా వేషం కూర్చుని ఉంటుంది. ఒక్క మాట లేదు, తొందర లేదు. చాలాసేపు మొహం మీదే కెమెరా. పాటలో డ్రమ్ముల దరువు విరుచుకుపడే క్షణం వచ్చాకే గొరిల్లా కర్రలెత్తుతుంది. ఆ దెబ్బకు అంత బలం దాని ముందున్న ఖాళీ నుంచి వచ్చింది. 30 సెకన్ల ప్రకటనలో మనకు నిమిషంసేపు ఖాళీ దొరకదు. రెండు గళ్లు దొరికితే అదృష్టం.

ఎనిమిదో గడిలో రెండు బొమ్మలు, వాసెన విప్పడం, పొగలు కక్కే అన్నం. తొమ్మిదిలో నెయ్యేసి ఎర్రగా కలుపుతున్న చేయి. మామ్మగారి గొంతు: మొదటి ముద్ద ఎప్పుడూ... పదో గడి మొదటి దెబ్బ మీద మనవడు ‘నాకే!’ అంటాడు. వాక్యం మామ్మది, తోక మనవడిది. ‘నాకే’ను 22.5 సెకన్ల దగ్గర పాతి, వెనక్కి ఎనిమిది అక్షరాలు కొలిస్తే మామ్మగారు 21వ సెకను దాటీ దాటగానే, మూడో దెబ్బకు కాస్త ముందు ఎత్తుకోవాలని తేలింది. పదో గడిలో ఇంకేమీ లేదు. పిల్లాడు తింటాడు, కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, చేయి మళ్లీ చాపుతాడు. పదకొండు, పన్నెండు గళ్లలో జాడీ, దుకాణం పేరు, ఊరి పేరు. ఆఖరి దెబ్బ పన్నెండో గడి మొదట్లో, అంటే 27.5 దగ్గర పడిపోతుంది. మిగిలిన రెండున్నర సెకన్లు ఆ దెబ్బ మోత తగ్గడానికి. టీవీలో 30 సెకన్లంటే 750 ఫ్రేములు, ఒక్కటి కూడా ఎక్కువ ఇవ్వరు. సరిగ్గా చివరి వరకు వాయిస్తే, ఆ మోత సగంలో తెగి పక్క ప్రకటన మీద పడుతుంది.

ఇదంతా కాగితం మీద. ఎడిటింగ్ గదిలో మొదటి రోజు మాకు మూడు చోట్ల బెడిసింది.

మన టీవీ బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు. 96 వేగంలో ఒక దెబ్బకు 15.625 ఫ్రేములు వస్తాయి. ఫ్రేమును ముక్కలు చేయలేం కాబట్టి ఎడిటింగ్ చేసే తమ్ముడు దెబ్బకు 16 చొప్పున కూడుకుంటూ పోయాడు. మొదటి గళ్లలో ఏమీ తెలియలేదు. ఐదో గడికి వచ్చేసరికి బొమ్మ దరువు వెనక కుంటుతోంది. 48 దెబ్బలకు 16 చొప్పున 768 ఫ్రేములు అవుతాయి. ఉన్నవి 750. చివరికి 18 ఫ్రేముల తేడా, ఒక దెబ్బ కంటే ఎక్కువ. మందు సులువే. ప్రతి దెబ్బనూ దాని ముందున్న దెబ్బ నుంచి కాకుండా మొదటి నుంచి కొలిచి, అప్పుడు దగ్గరి ఫ్రేముకు సరిచేయాలి. అలాగైతే తేడా ఎప్పుడూ అర ఫ్రేము దాటదు. ఇలాంటి చోట ‘వింటూ మీట నొక్కి గుర్తులు పెట్టుకుంటాను’ అంటారు కొందరు. వేలు ఎప్పుడూ చెవి కంటే ఒక వీసం అటో ఇటో ఉంటుంది. పెట్టుకోండి, కానీ తర్వాత శబ్దపు గీతలో శిఖరం ఎక్కడుందో చూసి సరిచేసుకోండి.

రెండోది ‘చప్పుడు’ దగ్గర. మాటను సరిగ్గా ఐదో సెకనులో పాతామని సంబరపడ్డాం. వింటే ‘ప్పుడు’ అని వినిపించింది. అదే క్షణంలో కత్తి వేటు, డోలక్ మొదటి దెబ్బ రెండూ పడి ‘చ’ను మింగేశాయి. గొంతును మూడు ఫ్రేములు వెనక్కి జరిపాం. సెకనులో ఎనిమిదో వంతు. కత్తి మోతను అక్కడ కాస్త తగ్గించాం. మాట తేటపడింది, దెబ్బ మీదే పడినట్టూ ఉంది. ఈ వెసులుబాటు మన చెవి ఇచ్చిందే. మెరుపు ముందు, ఉరుము తర్వాత. దూరాన చాకలి బండ మీద బట్ట కొట్టడం ముందు కనిపించి తర్వాత వినపడుతుంది. బొమ్మ వెనక శబ్దం రావడం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు, శబ్దం ముందొస్తే మాత్రం వెంటనే పట్టేస్తాం. 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ టీవీ ప్రసారాలకు ఇచ్చిన సిఫార్సులోనూ ఇదే ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం గుర్తిస్తారు. వెనకబడితే 125 దాకా గుర్తించరు. ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కాబట్టి బొమ్మను దెబ్బకు ఒకటి రెండు ఫ్రేములు ముందే మార్చేస్తాను. కొత్త బొమ్మను కన్ను అందుకునే లోపు దెబ్బ పడుతుంది, రెండూ ఒక్కసారే జరిగాయనిపిస్తుంది. దెబ్బ తర్వాత బొమ్మ మారితే మాత్రం ఎవరో నిద్రలోంచి లేచి మార్చినట్టుంటుంది.

మూడోదే అన్నిటికంటే పెద్దది. మొదటి కూర్పులో మేం దొరికిన ప్రతి కోతనూ దెబ్బ మీద పెట్టాం, ప్రతి మాటనూ దెబ్బ మీద దించాం. ఒక్కటీ తప్పలేదు. చూస్తే కవాతులా ఉంది. నాలుగో కోతకే తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్పేయొచ్చు. చెప్పగలిగాక చూడాల్సిన పనేముంది? అప్పుడు కాగితం తీసి, బొమ్మా మాటా దెబ్బా మూడూ కలవాల్సిన చోట్లకు మాత్రమే ఎర్ర చుక్క పెట్టాను. మూడే వచ్చాయి: ‘చప్పుడు’, ‘నాకే’, దుకాణం పేరు. మిగతా చోట్ల మూడింటిలో ఏదో ఒకదాన్ని వదిలేశాం. ఎనిమిదో గడిలో వాసెన విప్పడం దెబ్బ మీదే, కానీ మాట లేదు. అన్నం మీది నుంచి కలిపే చేతికి మారే కోతను తొమ్మిదో గడి మొదట్లోంచి తీసి ఒకటింబావు దెబ్బలు ముందుకు జరిపాం. మామ్మగారి గొంతు ఆ చేతి మీద మొదలై, పిల్లాడి మొహం వచ్చేదాకా నడుస్తుంది. గొంతు రెండు బొమ్మలను కుట్టిన దారంలా ఉండాలి. బొమ్మ మారిన ప్రతిచోటా మాట కూడా తెగితే ఆ కుట్టు విడిపోతుంది.

ఇలా కలిసిందా లేదా అని తేల్చుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. ముగిసిందనుకున్న ప్రకటనలో సంగీతాన్ని మాత్రం అర దెబ్బ పక్కకు జరిపి, ఏమీ చెప్పకుండా పక్కనున్నవాళ్లకు చూపిస్తాను. ‘ఏదో ఎబ్బెట్టుగా ఉంది’ అన్నారంటే పొత్తు పనిచేస్తోంది. ఏ తేడా తెలియలేదంటే మేం పడ్డ శ్రమంతా కాగితం మీదే ఉండిపోయిందని అర్థం. ఆవకాయకు ఈ పరీక్ష పెట్టినప్పుడు టీ తెచ్చిన కుర్రాడు గ్లాసు దించుతూ, “ఆ పిల్లాడు ముందే అరిచేస్తున్నాడేంటన్నా?” అన్నాడు. పిల్లాణ్ని మేం కదిలించనే లేదు.

దుకాణం ఆయనకు చూపించిన రోజు ఆయన చేతిలో కూడా కాగితం ఉంది. మాటలన్నీ లెక్కపెట్టుకుని వచ్చారు. “ఏవండీ, ముప్పై సెకన్లకి డబ్బు కడుతున్నామండి. మీరు చూస్తే ఎనిమిది సెకన్లే మాట్లాడించారు” అన్నారు. లెక్క నిజమే, మొత్తం 44 అక్షరాలు. నేను వాదించలేదు. ఆయన రాసిచ్చిన వాక్యాన్ని అదే బొమ్మ మీద చదివించి పెట్టుకున్నాను, అది వేశాను. గానుగ నూనె అన్న మాట వచ్చేసరికి తెర మీద మెంతులు పడుతున్నాయి. ‘ఆవకాయ’ వచ్చేసరికి నూనె ధార మౌనం మొదలై, దాని మీద పడింది. ఆయన సగంలోనే చేయెత్తి, “మీదే ఉంచండి బాబూ. గానుగ నూనె సంగతి జాడీ మీద అచ్చేయిస్తాను” అన్నారు.

నెల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. టీవీ వాళ్ల ధరలు పెరిగాయట, 20 సెకన్లది కావాలట. 20 సెకన్లంటే 96 వేగంలో 32 దెబ్బలు, ఎనిమిది గళ్లు. పాత కాగితం తీసి నాలుగు గళ్లు కొట్టేయాలి. జంటలను విడదీయకూడదు. రెండో గడిలో ఎత్తుకున్న వాక్యం మూడో గడిలో దిగుతుంది, తొమ్మిదిలో ఎత్తుకున్నది పదిలో దిగుతుంది. ఆ నాలుగూ ఉండాలి. పేరుకు పదకొండు, పన్నెండు ఉండాలి. పరుగు కోసం ఐదు, ఆగడం కోసం ఏడు. ఒకటి, నాలుగు, ఆరు, ఎనిమిది పోయాయి. అన్నం మీది నుంచి చేతికి మారే ఆ కోత కూడా ఎనిమిదో గడితోనే పోయింది. చేయి తొమ్మిదో గడి మొదట్లోనే వస్తుంది.

ఒకటో గడి పోవడంతో కొత్త చిక్కొచ్చింది. ప్రకటన మొదలవగానే 0.14 సెకన్ల దగ్గర గొంతు ఎత్తుకోవాలి. అంతకుముందు నడిచిన ప్రకటన చెవిలోంచి ఇంకా దిగనే లేదు, ‘ఎండలు’ ఎవరికి వినిపిస్తుంది? మళ్లీ తోక నుంచి కొలిచాను. ‘మా ఊళ్లో’ తీసేశాను. ఎండలు ముదిరితే ఒకటే చప్పుడు. ఇప్పుడు ‘చప్పుడు’ ముందు పది అక్షరాలే, 1.82 సెకన్లు. గొంతు 0.68 దగ్గర, అంటే రెండో దెబ్బ పడ్డ వెంటనే మొదలవుతుంది. అప్పటికి ఒక కత్తి వేటు వినిపించి ఉంటుంది. ఊరి పేరు ఎలాగూ చివర తెర మీద ఉంది.

ఆరో గడి, ఆ నూనె ధార, పోవడం మాత్రం నాకు ఇప్పటికీ బాధే. 20 సెకన్లదానిలో డోలక్ ఆగుతుంది, వాసెన కట్టిన చేతులు కనిపిస్తాయి, ‘ఆగాలి’ అంటుంది గొంతు. ఆ మాట ముగిసీ ముగియగానే దరువు తిరిగొచ్చేస్తుంది. టీవీలో అదే నడుస్తోంది. ఊళ్లో సినిమా హాలులో మాత్రం పాత 30 సెకన్లదే వేయించమని ఆయన్ని అడిగాను, సరేనన్నారు. ఓ రాత్రి రెండో ఆటకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. నూనె ధార పడుతున్నంతసేపూ హాలులో పకోడీ పొట్లాల చప్పుడు కూడా వినిపించలేదు.